పాయిజానా, నెగెటివ్ బైనామియలా? కౌంట్ డేటాను ఎలా పరీక్షించాలి, పేపర్లో ఎలా రాయాలి

థీసిస్‌లు సమర్పించే కాలం వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్న పదిసార్లు వస్తుంది. "సార్, వేరియన్స్ సగటు కంటే చాలా ఎక్కువగా ఉంది. నెగెటివ్ బైనామియల్ వాడేయమంటారా?" నేను అడిగే ఎదురు ప్రశ్న కూడా ఒకటే: ఎందుకు ఎక్కువగా ఉందో చూశారా? చాలామంది చూడరు. ఓవర్‌డిస్పర్షన్ కనిపించగానే మోడల్ మార్చేయడం అలవాటైపోయింది. కొన్నిసార్లు అదే సరైన పని. కొన్నిసార్లు మాత్రం డేటా చెప్పబోతున్న అసలు విషయం మీద దుప్పటి కప్పినట్టవుతుంది. ఈ రెండు సందర్భాలకూ చెరొక నిజమైన డేటా తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు ఎలా చేయాలో రాస్తున్నాను.

కావలసినవి

R, దానితో పాటే వచ్చే `MASS` ప్యాకేజీ ఉంటే చాలు. మీ డేటాలో మూడు సంగతులు ముందే తేలి ఉండాలి: దేన్ని లెక్కపెట్టారు, ఎంత కాలం పాటు లేదా ఎంతమందిలో లెక్కపెట్టారు, ఒక్కో వరుస ఒక మనిషిదా లేక ఒక గుంపుదా. సిద్ధాంతం ఒక్క వాక్యంలో చెప్పుకుందాం. పాయిజాన్ మోడల్‌లో వేరియన్స్, అంటే ఇంటర్ పుస్తకంలోని విస్తృతి, సగటుతో సమానంగా ఉండాలి. అంతకు మించి ఉంటే దాన్నే ఓవర్‌డిస్పర్షన్ అంటాం.

1. హారం ఏమిటో తేల్చుకోండి

అందరినీ ఒకే కాలం గమనించి ఉంటే కౌంట్‌ను అలాగే మోడల్ చేయవచ్చు. గమనించిన కాలం మనిషి మనిషికీ, గుంపు గుంపుకీ మారితే, ఆ కాలపు లాగ్‌ను గుణకం 1గా స్థిరపరచి చేర్చే ఆఫ్‌సెట్ తప్పనిసరి. మొదటి ఉదాహరణ బ్రిటిష్ వైద్యుల అధ్యయనంలోది: పొగ తాగే, తాగని పురుష వైద్యుల్లో గుండె ధమనుల జబ్బుతో వచ్చిన మరణాలు, అయిదు వయసు వర్గాల్లో. మొత్తం 731 మరణాలు, 1,81,467 మనిషి-సంవత్సరాలు.

```r
d <- data.frame(
  deaths = c(32,104,206,186,102, 2,12,28,28,31),
  py = c(52407,43248,28612,12663,5317,
         18790,10673,5710,2585,1462),
  smoke = rep(c(1,0), each = 5),
  age = factor(rep(1:5, 2)))
m <- glm(deaths ~ smoke + age + offset(log(py)),
         family = poisson, data = d)
```

ఇక్కడ ఎక్కువగా దొర్లే తప్పులు రెండు. ఒకటి, `log` మరచిపోయి `offset(py)` అని రాయడం. ప్రోగ్రామ్ ఏదో ఒకటి ఇస్తుంది, లేదా అర్థం కాని ఎర్రర్ చూపిస్తుంది. రెండోది, మనిషి-సంవత్సరాలను ఆఫ్‌సెట్‌గా కాకుండా మామూలు చలరాశిలా చేర్చడం. అప్పుడు మీరు పోల్చేవి రేట్లు కావు. ఎవరి కాలమైనా సున్నా అయితే లాగ్ రుణ అనంతానికి పోతుంది కాబట్టి, అలాంటి వరుసలు ఎందుకు వచ్చాయో ముందే చూసుకోండి.

ఓవర్‌డిస్పర్షన్ అని నా దగ్గరికి వచ్చే కేసుల్లో కొన్ని ఈ మెట్టు దగ్గరే తీరిపోతాయి. ఒక ఊరిని ఆరు నెలలు, మరో ఊరిని రెండేళ్లు గమనించి ఆఫ్‌సెట్ వదిలేస్తే కౌంట్లు చెదిరిపోకుండా ఎలా ఉంటాయి?

2. ముందు పాయిజాన్ నడిపి, డిస్పర్షన్ లెక్కించండి

కౌంట్ కాలమ్ సగటు, వేరియన్స్ పక్కపక్కన పెట్టి పోల్చడం పరీక్ష కాదు. పేపర్లలో చాలా తరచుగా కనిపించే పొరపాటు ఇదే. పాయిజాన్ కోరేది చలరాశులను లెక్కలోకి తీసుకున్న తరువాతి సమానత్వం. వయసు వల్ల మరణాలు మారుతుంటే ముడి కౌంట్లు ఎటూ చెదిరే ఉంటాయి; అది మోడల్ తప్పు కాదు. అందుకే మోడల్ నడిపాక పియర్సన్ అవశేషాల వర్గాల మొత్తాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించండి.

```r
sum(residuals(m, type = "pearson")^2) / df.residual(m)
```

వైద్యుల డేటాకు పియర్సన్ మొత్తం 11.16, డిగ్రీలు 4, నిష్పత్తి సుమారు 2.8. డీవియన్స్ 12.13, దాని పి విలువ 0.016. ఈ మోడల్ చెప్పే రేట్ రేషియో 1.43, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 1.15 నుంచి 1.76. నిష్పత్తి 1 దగ్గర ఉండాలి కదా, ఇక్కడ 2.8 వచ్చింది. సరిగ్గా ఈ చోటే విద్యార్థి చెయ్యి `glm.nb` వైపు వెళుతుంది.

ఒక హెచ్చరిక. కౌంట్లు చాలా చిన్నవైతే, అంటే అంచనా విలువలు ఒకటి కంటే తక్కువగా ఉంటే, డీవియన్స్ పి విలువను నమ్మకండి. అలాంటప్పుడు పియర్సన్ నిష్పత్తే కాస్త మేలు.

3. మోడల్ మార్చే ముందు కారణం వెతకండి

వయసు వర్గాన్ని బట్టి రేట్లను విడిగా లెక్కించి చూడండి. ఇది కాగితం మీద చేయదగ్గ పని. 35–44 ఏళ్ల వారిలో పొగ తాగేవారికి 52,407 మనిషి-సంవత్సరాల్లో 32 మరణాలు, తాగనివారికి 18,790లో 2. రేట్ రేషియో 5.7. తరువాతి వర్గంలో 2.1, ఆ తరువాత 1.5, 1.4. చివరి వర్గమైన 75–84లో 0.9.

మెట్లు దిగినట్టు దిగిపోయింది. పొగకూ మరణానికీ ఉన్న సంబంధం వయసుతో మారుతోంది, మన మోడల్ మాత్రం అన్ని వయసులకూ ఒకే నిష్పత్తి అని పట్టుబట్టింది. మోడల్ నప్పకపోవడం అక్కడి నుంచే వచ్చింది. ఇక్కడ పది గడులకు పాయిజాన్‌లో ఆరు గుణకాలున్నాయి, మిగిలిన 4 డిగ్రీలు సరిగ్గా వయసు-పొగ ఇంటరాక్షన్‌వే. అంటే డీవియన్స్ 12.13 అనేది ఈ డేటాలో ఆ ఇంటరాక్షన్ పరీక్షే. దానికి ఓవర్‌డిస్పర్షన్ అని పేరు పెట్టి నెగెటివ్ బైనామియల్‌కు అప్పగిస్తే, అది అదంతా యాదృచ్ఛిక చెదురు అనుకుని ఒక పరామితిలో దాచేస్తుంది.

క్వాసి-పాయిజాన్ వాడినా ఇదే గతి. స్టాండర్డ్ ఎర్రర్‌ను 2.8 వర్గమూలంతో గుణిస్తే ఇంటర్వెల్ 1.00 నుంచి 2.03 వరకు సాగుతుంది. జాగ్రత్తగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ 1.43 అనే ఆ ఒక్క సంఖ్య మధ్య వర్గాలకు దగ్గరగా ఉన్నా, చిన్న వయసు వారికీ బాగా పెద్దవారికీ నప్పదు.

మరి ఏం చేయాలి? వయసు వర్గాల వారీగా రేట్ రేషియోలను పట్టికలో ఇవ్వండి, ఇంటర్వెల్స్‌తో సహా. ఇంటర్వెల్స్ ఇక్కడ చాలా ముఖ్యం: 5.7 అనే పెద్ద సంఖ్య రెండే రెండు మరణాల మీద నిలబడి ఉంది, దాని ఇంటర్వెల్ 1.4 నుంచి 23.9 వరకు పోతుంది. 75–84 వర్గంలోని 0.9కి ఇంటర్వెల్ 0.61 నుంచి 1.35. "వృద్ధాప్యంలో పొగ మేలు చేస్తుంది" అని ఎవరూ రాయకుండా ఆపేది ఆ ఇంటర్వెలే.

మీ డేటాలో వెతకవలసినవి ఈ వరుసలో చూడండి: ఆఫ్‌సెట్ తప్పిందా, ముఖ్యమైన చలరాశి ఏదైనా వదిలేశారా, ఇంటరాక్షన్ ఉందా, వయసు లాంటి దాన్ని సరళరేఖగా పెట్టారా, ఒకటి రెండు వరుసలే మొత్తం చెదురుకు కారణమా. చివరిదానికి పియర్సన్ అవశేషాలను పెద్దవి ముందు వచ్చేలా అమర్చి పై అయిదు వరుసలను కళ్లతో చూడండి. ఒకసారి ఒక విద్యార్థి డేటాలో ఆసుపత్రి సందర్శనలు 99 అని ఉన్న వరుసలు ఏడు దొరికాయి. అది "సమాచారం లేదు" అనడానికి వాడిన కోడ్. వాటిని తీసేశాక ఓవర్‌డిస్పర్షన్ చాలావరకు మాయమైంది.

4. కారణం మనుషుల మధ్య తేడాయే అయితే నెగెటివ్ బైనామియల్

ఇప్పుడు రెండో డేటా, `MASS`లోనే ఉన్న `quine`. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని వాల్గెట్ అనే ఊళ్లో 146 మంది పిల్లలు ఏడాదిలో బడికి రాని రోజుల లెక్క ఇది. గమనించిన కాలం అందరికీ ఒకటే కాబట్టి ఆఫ్‌సెట్ అక్కర్లేదు. సగటు 16.5 రోజులు, వేరియన్స్ 264.

```r
library(MASS)
p <- glm(Days ~ Eth + Sex + Age + Lrn,
         family = poisson, data = quine)
nb <- glm.nb(Days ~ Eth + Sex + Age + Lrn, data = quine)
exp(cbind(coef(nb), confint.default(nb)))
```

పాయిజాన్‌కు పియర్సన్ నిష్పత్తి 13.2. డీవియన్స్ 139 డిగ్రీలకు 1696.7. ఉన్న చలరాశులన్నీ చేర్చాక కూడా ఇంత మిగిలింది. ఇది అర్థమయ్యేదే: ఒక పిల్లవాడు ఒకసారి బడి మానేశాడంటే మరునాడూ మానేసే అవకాశం ఎక్కువ. జబ్బు, ఇంటి పని, ప్రయాణం, ఇలా మనం కొలవని కారణాలు ఒక్కో పిల్లవాడికి ఒక్కో తీరుగా ఉంటాయి. నెగెటివ్ బైనామియల్ సరిగ్గా ఇలాంటి చెదురు కోసమే పుట్టింది.

ఇప్పుడు ఒకే చలరాశిని రెండు మోడళ్లలో పక్కపక్కన చూడండి. `EthN` అంటే ఆదివాసీయేతర పిల్లలు. పోలిక ఆదివాసీ పిల్లలతో. పాయిజాన్‌లో రేట్ రేషియో 0.59, ఇంటర్వెల్ 0.54 నుంచి 0.64. నెగెటివ్ బైనామియల్‌లో రేట్ రేషియో 0.57, ఇంటర్వెల్ 0.42 నుంచి 0.76. నిష్పత్తి దాదాపు కదలలేదు. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 0.042 నుంచి 0.153కి, అంటే మూడున్నర రెట్లకు మించి పెరిగింది. పాయిజాన్ ఇచ్చిన సన్నటి ఇంటర్వెల్ మన దగ్గర లేని సమాచారాన్ని ఉన్నట్టు చూపింది. ఓవర్‌డిస్పర్షన్‌ను పట్టించుకోకపోతే జరిగే నష్టం ముఖ్యంగా ఇదే.

ఈ చెదురును కొలిచే పరామితి థీటా 1.275 వచ్చింది. దాని అర్థం: సగటు 16 రోజులు ఉండే చోట వేరియన్స్ 16 + 16²/1.275, అంటే సుమారు 217. థీటా చిన్నదైన కొద్దీ చెదురు ఎక్కువ. స్టాటా దీన్ని తిరగేసి ఆల్ఫా అంటుంది, 1/1.275, అంటే 0.78. ఒక పేపర్లో "డిస్పర్షన్ పరామితి 1.275" అని మాత్రమే ఉంటే చదివేవారికి అది ఏదో తెలియదు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ రూపం అన్నది తప్పకుండా చెప్పండి.

పైథాన్ వాడేవారికి ప్రత్యేకంగా ఒక మాట. `sm.GLM`లో `sm.families.NegativeBinomial()` అని రాస్తే అది ఆల్ఫాను డేటా నుంచి అంచనా వేయదు, 1 అని పెట్టుకుని ముందుకు పోతుంది. ఆల్ఫా నిజంగా అంచనా కావాలంటే `sm.NegativeBinomial` వాడండి. ఈ ఒక్క తేడాతో రెండు ప్రోగ్రాముల ఫలితాలు కలవక రాత్రంతా తల పట్టుకున్నవారు నాకు తెలుసు.

ప్రత్యామ్నాయం కావాలంటే క్వాసి-పాయిజాన్ ఉంది. `quine`లో అది `EthN`కు 0.59, ఇంటర్వెల్ 0.44 నుంచి 0.79 ఇస్తుంది. నెగెటివ్ బైనామియల్‌కు దగ్గరే. తేడా ఎక్కడంటే, క్వాసిలో వేరియన్స్ సగటుకు అనులోమంగా పెరుగుతుంది, నెగెటివ్ బైనామియల్‌లో సగటు వర్గంతో పెరుగుతుంది. క్వాసికి లైక్లీహుడ్ లేదు కాబట్టి ఏఐసీ పోలిక కుదరదు. మీకు కావలసింది ఒక రేట్ రేషియో, దాని నిజాయితీ గల ఇంటర్వెల్ మాత్రమే అయితే క్వాసి సరిపోతుంది. పెద్ద శాంపిల్‌లో రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్‌తో పాయిజాన్ కూడా అంతే.

ఒకే ఊరి మనుషులు, ఒకే మనిషి పలు సందర్శనలు ఉన్న డేటాకు మాత్రం ఇవేవీ పూర్తి మందు కావు. నెగెటివ్ బైనామియల్ కూడా వరుసలు పరస్పరం స్వతంత్రమనే అనుకుంటుంది. అక్కడ మిక్స్‌డ్ మోడల్ గానీ జీఈఈ గానీ కావాలి.

5. కొత్త మోడల్ నప్పిందా చూడండి

నెగెటివ్ బైనామియల్ వాడగానే పని అయిపోయిందని అనుకుంటారు. దాన్నీ పరీక్షించాలి. `quine`లో డీవియన్స్ 139 డిగ్రీలకు 167.95కి దిగింది. ఏఐసీ 2299.2 నుంచి 1109.2కి పడిపోయింది. ఇంత తేడా ఉన్నప్పుడు వాదన అక్కర్లేదు. తేడా చిన్నదై లైక్లీహుడ్ రేషియో పరీక్ష చేస్తే మాత్రం పి విలువను సగం చేయాలి, ఎందుకంటే ఆల్ఫా సున్నా కంటే తక్కువకు పోవడానికి వీల్లేదు, మనం పరీక్షించేది దాని అంచు దగ్గర.

సున్నాలు సరిపోయాయో లేదో విడిగా చూడండి:

```r
sum(quine$Days == 0)
sum(dnbinom(0, mu = fitted(nb), size = nb$theta))
```

మొదటిది డేటాలోని సున్నాలు, రెండోది మోడల్ ఊహించే సున్నాలు. రెండూ దగ్గరగా ఉంటే జీరో-ఇన్‌ఫ్లేటెడ్ మోడల్ మాట ఎత్తకండి. సున్నాలు ఎక్కువగా ఉన్నాయన్న ఒక్క కారణంతో ఆ మోడల్‌కు పరుగెత్తేవారు ఎక్కువ. సగటు తక్కువగా ఉండి చెదురు ఎక్కువగా ఉంటే నెగెటివ్ బైనామియల్ తనంతట తానే బోలెడు సున్నాలు ఇస్తుంది. జీరో-ఇన్‌ఫ్లేటెడ్ వాడాలంటే ఆ సంఘటన అసలు జరగడానికే వీల్లేని మనుషులు డేటాలో ఉన్నారని మీరు చెప్పగలగాలి.

`glm.nb` "iteration limit reached" అని హెచ్చరిస్తే, థీటా వేలల్లోకి వెళ్లిందేమో చూడండి. వెళ్లి ఉంటే ఓవర్‌డిస్పర్షన్ లేదని అర్థం. పాయిజాన్‌కు తిరిగి రండి.

6. రేట్ రేషియోను మాటల్లో పెట్టండి

గుణకం -0.569 అని పట్టికలో వదిలేయకండి, దాన్ని `exp` చేసి 0.57గా చెప్పండి. "ఆదివాసీయేతర పిల్లల్లో బడి మానిన రోజుల రేటు ఆదివాసీ పిల్లల్లో ఉన్నదానికి 0.57 రెట్లు, అంటే 43 శాతం తక్కువ. లింగం, తరగతి స్థాయి, చదువులో వేగం లెక్కలోకి తీసుకున్నాక." దీన్ని ఆడ్స్ రేషియో అనకూడదు, రిస్క్ రేషియో అని కూడా అనకూడదు. 0.57 అంటే "57 శాతం తక్కువ" అని రాసినవారూ ఉన్నారు, కాబట్టి ఒకసారి లెక్క సరిచూసుకోండి. స్టాండర్డ్ ఎర్రర్‌ను మాత్రం `exp` చేయకూడదు. ముందు లాగ్ స్కేలు మీద ఇంటర్వెల్ కట్టి, దాని రెండు కొసలనూ `exp` చేయాలి. సరిగా చేశారా అన్నదానికి సులువైన పరీక్ష: 0.42 × 0.76 వర్గమూలం 0.57 దగ్గరకు రావాలి. వస్తుంది. పట్టికలో టైపు తప్పులను కూడా ఇదే పట్టిస్తుంది.

నిష్పత్తి పక్కనే ముడి రేట్లు కూడా ఇవ్వండి. వైద్యుల డేటాలో వయసు లెక్కలోకి తీసుకోని రేట్లు వెయ్యి మనిషి-సంవత్సరాలకు 4.43, 2.58. ఆ ముడి నిష్పత్తి 1.72, వయసు చేర్చాక 1.43. ఈ రెండూ కనిపిస్తేనే వయసు ఎంత పని చేసిందో పాఠకుడికి తెలుస్తుంది.

7. పద్ధతుల విభాగంలో రాయవలసినది

సమీక్షకుడు వెనక్కి పంపేది ఎక్కువగా ఈ పేరా కోసమే. "ఓవర్‌డిస్పర్షన్ ఉన్నందున నెగెటివ్ బైనామియల్ వాడాం" అన్న ఒక్క వాక్యం చాలదు. `quine` లాంటి డేటాకు నేనైతే ఇలా రాస్తాను, మీ పేపరు భాషలోకి మార్చుకోండి:

"ఫలితం ఒక విద్యా సంవత్సరంలో బడికి రాని రోజుల సంఖ్య. గమనించిన కాలం అందరికీ సమానం కాబట్టి ఆఫ్‌సెట్ వాడలేదు. ముందుగా పాయిజాన్ రిగ్రెషన్ నడిపాం. పియర్సన్ డిస్పర్షన్ 13.2. ఇంటరాక్షన్లను, అసాధారణ విలువలను పరిశీలించాక కూడా చెదురు మిగిలినందున, వేరియన్స్ సగటు వర్గంతో పెరిగే నెగెటివ్ బైనామియల్ మోడల్ వాడాం (థీటా 1.28, స్టాండర్డ్ ఎర్రర్ 0.16, ఆర్ భాషలోని మాస్ ప్యాకేజీ). రేట్ రేషియోలను 95 శాతం వాల్డ్ ఇంటర్వెల్స్‌తో ఇచ్చాం. పాయిజాన్, క్వాసి-పాయిజాన్ ఫలితాలు అనుబంధంలో ఉన్నాయి."

"పరిశీలించాక" అని రాసే ముందు నిజంగా పరిశీలించండి. `quine`లో వయసు వర్గానికీ లింగానికీ ఇంటరాక్షన్ ఉందేమో చూడడానికి మోడల్‌లో `Sex*Age` పెట్టి, `anova`తో రెండు నెగెటివ్ బైనామియల్ మోడళ్లను పోల్చండి. ఏమి వచ్చినా అనుబంధంలో రాయండి.